రౌటర్ వెనక కన్నం, మా బావమరిది పిన్నీసు

మొన్న సాయంత్రం పాల ప్యాకెట్ కోసం కిందికి దిగి పది నిమిషాల్లో పైకొచ్చాను. హాలు పక్క గదిలో మా బావమరిది కుర్చీ ఎక్కి, ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో మా ఆవిడ పిన్నీసు పట్టుకుని రౌటర్ వెనక పొడుస్తున్నాడు. స్పీకర్లో కస్టమర్ కేర్ అమ్మాయి "పది సెకన్లు నొక్కి పట్టుకోండి సర్" అంటోంది. నేను "ఒరేయ్ ఆగు" అనేలోపే లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వెలిగాయి.

"రీస్టార్టే కదా బావా, ఎందుకంత టెన్షన్?" అన్నాడు.

రీస్టార్ట్ కాదు నాయనా! స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేస్తే దాన్ని రీస్టార్ట్ అంటారు. వారాల తరబడి ఆగకుండా నడిచి మెమరీ నిండిపోయిన డబ్బాకి అది స్నానం చేయించడం లాంటిది. సెట్టింగులు ఎక్కడివక్కడే ఉంటాయి. నువ్వు చేసింది ఫ్యాక్టరీ రీసెట్. అంటే దానికి ఈ ఇల్లు, మనుషులు, వైఫై పేరు ఏదీ గుర్తులేదు. అన్నిటికంటే ముఖ్యంగా, కంపెనీకి లాగిన్ అయ్యే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కూడా పోయాయి. మూడేళ్ల కింద కనెక్షన్ అబ్బాయి ఏదో టైప్ చేసి వెళ్లాడు, అదేంటో నాకెలా తెలుస్తుంది? కొన్ని కంపెనీల డబ్బాలు రీసెట్ కొట్టినా వాటంతటవే సెట్టింగులు తెచ్చుకుంటాయి. మాది ఆ జాతి కాదు.

చూస్తే ఫైబర్ సిగ్నల్ అందుతోందని చెప్పే PON లైటు నిలకడగా పచ్చగా ఉంది, సిగ్నల్ పోతే ఎర్రగా మెరిసే LOS లైటు వెలగలేదు. అంటే ఫైబర్ నిక్షేపంగా ఉంది. ఇంటర్నెట్ లైటు మాత్రం లేదు. మళ్లీ ఫోన్ చేస్తే అదే కస్టమర్ కేర్ "48 గంటల్లో మా వాళ్లు వస్తారు సర్" అంది. పొడవమన్నది మీరే కదమ్మా!

అసలు గొడవల్లా హాల్లో స్పీడు తగ్గిందని. నాది 100 ఎంబీపీఎస్ ప్లాను. ఫోన్లో చూస్తే 9. అప్పుడు ముందు చేయాల్సింది ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి తగిలించి స్పీడు చూడటం. ఇవాళ లైన్ వచ్చాక నేను చేసింది అదే. కేబుల్‌లో 94 వచ్చింది. అంటే లైనూ బాగుంది, డబ్బా కూడా బాగుంది, జబ్బు గాల్లో ఉంది. ఆ తర్వాత కేబుల్ తీసేసి, హాల్లో వైఫై మీదే ఉండి, ల్యాప్‌టాప్‌లో మా రౌటర్ చిరునామాకి ఇది కొట్టాను:

```
ping 192.168.1.1
```

పక్క గదిలో ఉన్న రౌటర్ నుంచి జవాబు ఓసారి 3 మిల్లీసెకన్లలో, ఓసారి 200 దాటి వస్తోంది. ల్యాప్‌టాప్, ఫోన్ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద కూర్చున్నాయి. అపార్ట్‌మెంట్ మొత్తం వైఫైలు అక్కడే కొట్టుకుంటున్నాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాను, హాల్లో 88 వచ్చింది. పిన్నీసు లేకుండానే. నిజానికి రీస్టార్ట్ కూడా అక్కర్లేదు. మహా అయితే అది ఇంకో ఖాళీ చానెల్ వెతుక్కునేది, సాయంత్రానికి మళ్లీ అదే కథ.

రీస్టార్ట్‌కి ఒక పరీక్ష ఉంది. చేశాక రోజులపాటు బాగుంటే పని అయినట్టే. గంట రెండు గంటల్లో మళ్లీ నీరసిస్తే డబ్బా ముట్టుకుని చూడండి. కాలిపోతుంటే గాలి ఆడే చోట పెట్టండి, అడాప్టర్ మార్చి చూడండి. LOS ఎర్రగా మెరుస్తుంటే రీస్టార్టూ వద్దు, రీసెట్టూ వద్దు. తీగ ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా తెగి ఉంటుంది.

మరి ఫ్యాక్టరీ రీసెట్ ఎప్పుడంటే, అడ్మిన్ పాస్‌వర్డ్ మర్చిపోతే, డబ్బా వేరేవాళ్లకి ఇచ్చేస్తుంటే, లేదా ఎవరో లోపల వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డీఎన్ఎస్ లాంటివి మార్చేశారని గట్టి అనుమానం వస్తే. అప్పుడు కూడా యూజర్ నేమ్, పాస్‌వర్డ్, కనెక్షన్‌కి కంపెనీ వాడే వీలాన్ నంబరు కాగితం మీద రాసుకున్నాకే.

కానీ మా బావమరిదికి ఇది కొత్త కాదు. రెండేళ్ల కింద మా అమ్మ ఫోన్ స్లో అయిందని ఇలాగే "క్లీన్ చేస్తా అత్తయ్యా" అని తీసుకున్నాడు. స్టోరేజ్ నిండింది, అంతే. వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ వీడియోలు తుడిస్తే సరిపోయేది. వీడు ఫోన్ మొత్తం తుడిచాడు, బ్యాకప్ లేదు. నాన్న ఆస్పత్రి నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. అమ్మ ఒక్క మాటా అనలేదు. రాత్రి కూర్చుని ఖాళీ చాట్ పైకీ కిందికీ జరుపుతుంటే నేను చూశాను. వాడు మాత్రం "ఇప్పుడు ఎంత ఫాస్టుగా ఉందో చూడు బావా" అన్నాడు.

సరే. ఇవాళ కనెక్షన్ అబ్బాయి వచ్చి రెండు నిమిషాల్లో లాగిన్ పెట్టేశాడు. వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టి ఉంటే అన్నీ వాటంతటవే కలిసేవి. నేను స్నానంలో ఉన్నప్పుడు ఆ అబ్బాయి కొత్తవి పెట్టి వెళ్లిపోయాడు. టీవీ కలిపాను, ఫోన్లు కలిపాను. గుమ్మం కెమెరా ఒక్కటే మిగిలింది. దాన్ని కొత్త వైఫైకి కలపాలంటే దాని వెనక కన్నంలో పొడవాలట.

పిన్నీసు ఎక్కడ దాచానో నాకే గుర్తులేదు.