నలుగురు చేతులెత్తితే మెజారిటీ ఎలా అవుతుంది?

మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ కమిటీకి తొమ్మిది మందిమి. కిందటేడాది మార్చిలో నీళ్ల సంగతి తేల్చడానికి కూర్చున్నాం. మూడు ప్రతిపాదనలు వచ్చాయి: కొత్త బోరు, ఏడాదికి ట్యాంకర్ కాంట్రాక్టు, పాత బోరు చుట్టూ ఇంకుడు గుంతలు. గంటన్నర వాదించుకున్నాక సెక్రటరీ గారు "సరే, ఇక చేతులెత్తండి" అన్నారు. బోరుకు నాలుగు, ట్యాంకర్లకు మూడు, గుంతలకు రెండు. "మెజారిటీ బోరుకే" అని మినిట్స్‌లో రాసేశారు. నేనూ సంతకం పెట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

తొమ్మిది మందిలో మెజారిటీ అంటే ఐదు. ఐదుగురు బోరు వద్దన్నవాళ్లే. కాకపోతే వాళ్ల ఓట్లు రెండుగా చీలాయి.

తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను, మూడింటినీ వరసలో పెట్టమని. బోరు అన్న నలుగురికీ రెండో ఇష్టం గుంతలు. ట్యాంకర్ అన్న ముగ్గురికీ రెండోది గుంతలే, బోరు అన్నిటికన్నా చివర. గుంతలు అన్న ఇద్దరికి రెండోది ట్యాంకర్, బోరు చివర. ఇప్పుడు రెండేసి చొప్పున పోల్చి చూడండి. గుంతలూ బోరూ పోటీపడితే గుంతలకు 5, బోరుకు 4. గుంతలూ ట్యాంకరూ అయితే గుంతలకు 6, ట్యాంకర్‌కు 3. బోరు ట్యాంకర్ చేతిలో కూడా 4-5తో ఓడిపోతుంది. ఎవరితో తలపడినా ఓడిపోయేదాన్ని మేం గెలిపించాం.

పోనీ ఎక్కువ చేతులు లేచిన రెండింటికే, అంటే బోరుకూ ట్యాంకర్‌కూ మళ్లీ ఓటు పెట్టి ఉంటే? ట్యాంకర్ గెలిచేది. అవే తొమ్మిది మనసులు, ఒక్కరూ మాట మార్చలేదు. పద్ధతి మారితే మూడు ప్రతిపాదనలకూ మూడు గెలుపులు! అందుకే పద్ధతి ఏదో ముందే తేల్చుకోవాలని నేను ఇంత మొండిగా అంటున్నాను. ఓట్లు లెక్కపెట్టాక పద్ధతి ఎంచుకోవడమంటే ఫలితాన్ని ఎంచుకోవడమే.

ఇలా రెండేసి చొప్పున పోల్చమని ఫ్రాన్స్‌లో కాండోర్సే అనే గణితవేత్త 1785లోనే రాశాడు. ఇందులోనూ ఒక చిక్కుంది, అదీ ఆయనే చూపించాడు: ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడిస్తాయి. అలా గిర్రున తిరిగితే ఏం చేయాలో కూడా ముందే కాగితం మీద ఉండాలి. మేం రాసుకున్నది, తక్కువ తేడాతో ఓడినదాన్ని తీసుకుందామని.

బోరు వేశారు. తొమ్మిది వందల అడుగులు దిగినా తెల్లటి రాతి పొడి తప్ప తడి తగల్లేదు. మన హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. పగుళ్లున్న చోటే నీరుంటుంది. అయితే నా కోపం బోరు ఎండినందుకు కాదు. నీళ్లు పడి ఉన్నా ఆ ఓటు తప్పే.

ఈ ఫిబ్రవరిలో వేరేగా చేశాం. ప్రతిపాదనలు అడగకముందే, దేన్ని బట్టి ఎంచాలో రాసుకున్నాం. బరువులన్నీ కలిపి పది: మే నెలకల్లా నీళ్లు అందడానికి 4, ఫ్లాట్‌కు పడే ఖర్చుకు 3, మూడేళ్ల తర్వాత కూడా పనికిరావడానికి 3. ఐదు మార్కులంటే ఏమిటో, ఒకటంటే ఏమిటో కూడా రాశాం. "నెలవారీ మెయింటెనెన్స్ భారం" అని ఇంకోటి కలపబోతే వద్దన్నాం, అది ఖర్చునే రెండుసార్లు లెక్కపెట్టడం కాబట్టి. ఎవరి మార్కులు వాళ్లు మాట్లాడకుండా వేసి చీటీలు ఇచ్చారు. ముందు పెద్దవాళ్లు చెబితే మిగతావాళ్లు కాదనలేరు, మన దగ్గర అది మామూలే.

ఒక్కోదానికి అందరూ వేసిన మార్కులను వరసలో పెట్టి సరిగ్గా నడిమిది తీసుకుంటే ట్యాంకర్లకు 5, 2, 1 వచ్చాయి. బరువులతో గుణిస్తే 29. గుంతలకు 1, 4, 5, మొత్తం 31. అప్పుడు మూడో అంతస్తు అంకుల్ లేచి, "పిల్లలకు మేలో నీళ్లు లేకపోతే ఎలా? ఆ 4ను 6 చేసి, మిగతావి రెండేసి చేయండి" అన్నారు. అలా చేస్తే ట్యాంకర్‌కు 36, గుంతలకు 24. ఆయన అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు. బరువులు రాసుకున్న రోజే చెప్పి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణేమో. మొత్తాలు చూశాక మాత్రం కుదరదన్నాను. "అంకుల్, ఈ కాగితం మీద మీ సంతకం కూడా ఉంది" అని చూపిస్తే ఆయన కాసేపు చూసి, సరేనని కూర్చున్నారు. ఎవరి మీదా ఎవరికీ కోపం మిగల్లేదు. గుంతలు తవ్వించాం, మే నెలంతా విడి ట్యాంకర్లతో నెట్టుకొచ్చాం.

వచ్చే ఆదివారం పార్కింగ్ మీటింగ్. ఏ పద్ధతిలో ఓటేస్తామో, దేనికెంత బరువో రాసిన కాగితం లిఫ్ట్ పక్కన అంటించాను. మార్చాలనుకునేవాళ్లకు శుక్రవారం దాకా టైముంది. ప్రతిపాదనలు శనివారం తీసుకుంటాం.