నాకు నేనే రాసుకున్న బిల్లు

మా షాపులో పీవీసీ పైపులు, ట్యాంకులు, కుళాయిలు అమ్ముతాం. నేనూ మా బావమరిదీ భాగస్వాములం. లారీలు తోలే వ్యాపారం గానీ, కోర్టులో వాదించే వ్యాపారం గానీ మాకు లేదు. అయినా లారీ వాళ్ల మీదా, లాయర్ గారి మీదా పడాల్సిన పన్ను మీరే ఎగ్గొట్టారంటూ ప్రభుత్వం వారు గత సెప్టెంబరులో మాకు నోటీసు ఇచ్చారు. ఇచ్చారు అంటే చేతికి ఇవ్వలేదు. జీఎస్టీ పోర్టల్లో `View Additional Notices/Orders` అనే ఒక మూల గది ఉంటుంది, అందులో పెట్టారు. అటకమీద పెట్టిన ఊరగాయ జాడీలా అది పదిహేను రోజులు అక్కడే ఊరింది. ఆడిటర్ గారి గుమాస్తా వేరే పని మీద లోపలికి వెళ్తే కనిపించింది. జవాబు ఇవ్వడానికి ఇచ్చిన 30 రోజుల్లో సగం అప్పటికే అయిపోయాయి.

2021-22 సంవత్సరానికి మా లాభనష్టాల పట్టీలో "రవాణా ఖర్చులు 6,40,000", "లీగల్ ఛార్జీలు 60,000" అని రెండు వరుసలు ఉన్నాయి. అధికారి గారు మొదటిదాన్ని 5 శాతంతో, రెండోదాన్ని 18 శాతంతో గుణించారు. 32,000, 10,800, కలిపి 42,800. ఇంత క్లిష్టమైన దర్యాప్తును ఒక్క క్యాలిక్యులేటర్‌తో ముగించడం చూసి నాకు నిజంగానే గౌరవం కలిగింది.

దీన్ని రివర్స్ ఛార్జ్ అంటారు. మామూలుగా అమ్మినవాడు పన్ను వసూలు చేసి కడతాడు. ఇక్కడ కొన్నవాడు కట్టాలి. కారణం న్యాయమైనదే. సరుకు ఎత్తుకున్నట్టు బిల్టీ అనే చీటీ రాసే లారీ ఆఫీసులు వేలల్లో ఉంటాయి, ప్లీడర్లు ప్రతి కోర్టు గుమ్మం దగ్గరా ఉంటారు, వాళ్లందరి వెంటా తిరగడం ప్రభుత్వానికి కష్టం. షాపువాడు అయితే ఎక్కడికీ పోడు, రిజిస్టరై కూర్చుని ఉంటాడు. కాబట్టి 2017లో జీఎస్టీ మొదలైన రోజు నుంచీ ఇదే ఏర్పాటు. ఈ సేవలు మాత్రమే చేసే వకీలు గారికి జీఎస్టీ నంబరు కూడా అక్కర్లేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది కట్టే పద్ధతి. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు క్రెడిట్ మన ఖాతాలో లక్ష రూపాయలు మూలుగుతున్నా ఈ పన్నుకు వాడుకోనివ్వరు, నగదే కట్టాలి. కట్టాక, అదే నెల రిటర్నులో అదే మొత్తాన్ని క్రెడిట్‌గా తీసుకోవచ్చు. ఉదాహరణకు 3.1(డి) గడిలో 13,000 కట్టినట్టు రాసి, నాలుగో పట్టికలో ఆ 13,000 తిరిగి వచ్చినట్టు రాసుకోవాలి. గుళ్లో ఒక ద్వారం నుంచి లోపలికి వెళ్లి ఇంకో ద్వారం నుంచి బయటికి వచ్చినట్టు. ప్రభుత్వానికి చివరికి మిగిలేది సున్నా. ఆ సున్నాను వేళకు కట్టనందుకు 18 శాతం వడ్డీ మాత్రం నిజమైన డబ్బు, అది తిరిగి రాదు.

మధ్యలో ఇంకో ముచ్చట ఉంది. లారీ ఆఫీసు వాడికి జీఎస్టీ నంబరు లేకపోతే, వాడి తరఫున బిల్లు మనమే రాయాలి. సెల్ఫ్ ఇన్‌వాయిస్ అంటారు. నా పేరుతో నాకు నేనే బిల్లు రాసి, నేనే సంతకం పెట్టి, నాకే ఇచ్చుకోవాలి. పెళ్లిచూపుల్లో రెండు వైపుల పెద్దరికం ఒక్కరే చేసినట్టు ఉంటుంది. డబ్బు ఇచ్చినప్పుడు పేమెంట్ వోచర్ వేరే.

సరే, అసలు ఎంత బాకీ? ఆడిటర్ గారు పాత బిల్లుల సంచి తెమ్మన్నారు. తిరగేస్తే తేలింది, ఆ 6,40,000 రవాణాయే కాదు, మా గుమాస్తా ఎక్కడ రాయాలో తెలియని ప్రతి ఖర్చునూ పడేసిన చెత్తకుండీ అది. 1,90,000 ఊళ్లో ట్రాలీ ఆటోలకు ఇచ్చింది. వాళ్లు బిల్టీ ఇవ్వరు. బిల్టీ రాయనివాడు చట్టం దృష్టిలో గూడ్స్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ కాదు, ఆ కిరాయికి పన్నే లేదు. 1,20,000 కంపెనీ వాళ్లు తమ బిల్లులోనే కలిపి వేసిన ఫ్రైట్. లారీకి డబ్బు ఇచ్చింది వాళ్లు, కాబట్టి రివర్స్ ఛార్జ్ వాళ్లది, మాది కాదు. 70,000 చిన్నాచితకా పార్సిళ్లు, ఒక్కోదానికీ కిరాయి 750 లోపే. అలాంటివాటికి అప్పట్లో మినహాయింపు ఉండేది, 2022 జూలై 18 నుంచి తీసేశారు. మావి దానికి ముందువి కాబట్టి బతికిపోయాం. ఇక బిల్టీలతో లారీ ఆఫీసుకు మేము స్వయంగా కట్టింది 2,60,000. దాని మీద పన్ను 13,000. ఇది నిజంగా మా తప్పే, మా బావమరిది మీదికి తోయాలని చూశాను గానీ కుదరలేదు.

లీగల్ ఛార్జీల్లో 20,000 ఆడిటర్ గారి ఫీజు. ఆయన న్యాయవాది కాదు, ఆ సంగతి ఆయనే కొంచెం నొచ్చుకుంటూ చెప్పారు. 10,000 కోర్టు ఫీజులు, స్టాంపులు. మిగిలిన 30,000 ఒక చెక్ బౌన్స్ కేసుకు ప్లీడర్ గారికి ఇచ్చింది. 85,000 చెక్కు కోసం వేసిన కేసు అది, ఇంకా నడుస్తోంది. దానికి 5,400.

మొత్తం 18,400. నోటీసులో ఉన్నదానికి సగం కూడా లేదు. వడ్డీ, మూడున్నరేళ్లకు, 11 వేల చిల్లర. ఇక జరిమానా సంగతి వింటే మీకూ గౌరవం కలుగుతుంది. పన్నులో 10 శాతం లేదా 10,000, ఏది ఎక్కువైతే అది. కేంద్రానికి ఒకటి, రాష్ట్రానికి ఒకటి, అంటే 20,000. బాకీ కంటే శిక్ష పెద్దది. నోటీసు తేదీ నుంచి 30 రోజుల్లోపు పన్నూ వడ్డీ కట్టేస్తే ఆ జరిమానా ఉండదు. ఆ 30 రోజుల్లో పదిహేను అటకమీద ఊరాయని ముందే మనవి చేశాను.

ఒప్పుకున్నది DRC-03 అనే ఫారంలో కట్టాం. మిగతాదానికి DRC-06 అనే ఫారంలో జవాబు ఇచ్చాం, ఆటో రసీదులు, పార్సిల్ చీటీలు, కంపెనీ బిల్లులు అన్నీ జత చేసి. కట్టిన పన్నుకు క్రెడిట్ ఇంకా వస్తుందట. సరఫరాదారు రిజిస్టర్ కాకపోతే, క్రెడిట్ గడువుకు సెల్ఫ్ ఇన్‌వాయిస్ రాసిన సంవత్సరాన్నే లెక్కలోకి తీసుకోవాలని 2024 జూన్‌లో సర్క్యులర్ ఇచ్చారు. కాబట్టి 2021 నాటి లారీ కిరాయికి 2025లో నాకు నేను బిల్లు రాసుకున్నాను. వడ్డీని మాత్రం ప్రభుత్వం ఆశీర్వచనంగా ఉంచుకుంది. ఇప్పుడు మా ట్యాలీలో "రవాణా" అనే ఖాతా లేదు. "బిల్టీ ఉన్న లారీ", "ఆటో", "కంపెనీ ఫ్రైట్" అని మూడున్నాయి. గుమాస్తాకు మతి చెడింది గానీ, ఈసారి గుణించేవారికి చేతినిండా ఒకే అంకె దొరకదు.

జవాబు పకడ్బందీగా ఉండాలని ప్లీడర్ గారి చేత రాయించాం. ఫీజు 15,000 చేతిలో పెట్టి నమస్కారం పెట్టి లేవబోతుంటే ఆయన కళ్లజోడు సర్దుకుంటూ అన్నారు:

"అన్నట్టు, దీని మీద 2,700 మీరే కట్టాలండీ. బిల్లు 30 రోజుల్లోపు రాసుకోండి, మర్చిపోకండి."