పాస్‌పోర్టు గుంజుకుంటే ప్రకటన ఏం చేస్తది?

జగిత్యాల నుంచి వచ్చినాయన అడిగింది: "1948ల మానవ హక్కుల ప్రకటన చేసిండ్రు కద. ఎవలైనా ఏ దేశమైనా విడిచి పోవచ్చని అండ్ల ఉన్నదట. మరి ఖతర్‌ల కంపెనీవాడు మనోని పాస్‌పోర్టు గుంజుకొని పోనియ్యకుంటే, ఆ ప్రకటన పట్టుకొని ఎవలను అడగాలె?"

లాయరు: ప్రకటన ఒక్కటే పట్టుకుంటే ఎవర్నీ అడగలేం. అది ఐక్యరాజ్య సమితి జనరల్ అసెంబ్లీ తీర్మానం, ఒప్పందం కాదు. 48 దేశాలు అనుకూలంగా ఓటేశాయి. 8 దేశాలు ఎటూ వేయలేదు, వాటిలో సౌదీ అరేబియా ఒకటి. ఖతర్ అప్పటికి స్వతంత్ర దేశమే కాదు, 1971లో అయింది. మీరన్నది 13వ అధికరణం. మాట గొప్పదే కానీ దాని కింద కోర్టు లేదు, శిక్ష లేదు.

మాస్టారు: అయితే నా వాదన మీరే ఒప్పుకున్నారు. సమితి చార్టర్ 2వ అధికరణంలోనే రాసి పెట్టారు, దేశాల అంతర్గత వ్యవహారాల్లో సమితి తలదూర్చరాదని. సార్వభౌమాధికారం ఉన్నంత కాలం పిల్లి మెడలో గంట కట్టేవాడు లేడు. మన మాజీ నావికుల్నే చూడండి. ఎనిమిది మందికి 2023 అక్టోబరులో దోహా కోర్టు మరణశిక్ష వేసింది, డిసెంబరులో తగ్గించింది, 2024 ఫిబ్రవరిలో విడిచిపెట్టారు. ప్రభుత్వాలు మాట్లాడుకున్నాయి, పని అయింది. మానవ హక్కుల కాగితం చూసి విడవలేదు.

లాయరు: ఆ ఎనిమిది మంది కోసం ప్రభుత్వమే కదిలింది మాస్టారూ. లక్షల మంది కూలీల్లో ఒక్కొక్కరి పాస్‌పోర్టు కోసం అలా కదలదు. ప్రకటన తర్వాత ఒప్పందాలు వచ్చాయి కదా, వాటిలో ఏది ఎవరికి తలుపు తీస్తుందో చూడాలి. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో ఖతర్ 2018లో చేరింది, కొన్ని మినహాయింపులు పెట్టుకుని. కానీ బాధితుడు నేరుగా ఫిర్యాదు చేసుకోవడానికి వేరే ప్రోటోకాల్ ఉంది, దాన్ని ఖతర్ ఒప్పుకోలేదు. మనమూ ఒప్పుకోలేదు. కాబట్టి ఆ తలుపూ మూసే ఉంది.

మాస్టారు: రెండు తలుపులూ మీరే మూశారు!

లాయరు: మూడోది తెరుచుకుంది. జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఐఎల్ఓ. నిర్బంధ శ్రమ మీద దాని 29వ ఒప్పందాన్ని ఖతర్ 1998లో ఆమోదించింది. ఐఎల్ఓ రాజ్యాంగం 26వ అధికరణం ప్రకారం, వార్షిక సమావేశానికి వచ్చిన కార్మిక ప్రతినిధి ఎవరైనా ఆ దేశం మీద ఫిర్యాదు చేయొచ్చు. ఆ దేశం సమ్మతి అక్కర్లేదు, ఒప్పందం ఆమోదించినప్పుడే ఆ సమ్మతి ఇచ్చేసినట్టు. 2014 జూన్‌లో కార్మిక ప్రతినిధులు సరిగ్గా అదే చేశారు. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారలేకపోవడం, దేశం విడవలేకపోవడం, పాస్‌పోర్టులు దాచిపెట్టడం, ఇవన్నీ కలిస్తే నిర్బంధ శ్రమే అన్నారు.

ఐఎల్ఓ పాలకమండలి మూడేళ్లు నాన్చింది. విచారణ కమిషన్ వేస్తాం అని కత్తి వేలాడదీసి, ప్రతి సమావేశంలో ఖతర్‌ని నివేదిక అడిగింది. 2017 నవంబరులో ఖతర్ సంస్కరణలకు ఒప్పుకుంది, ఫిర్యాదు మూసేశారు. 2018లో దోహాలో ఐఎల్ఓ కార్యాలయం తెరిచారు. అదే ఏడాది 13వ నంబరు చట్టంతో చాలామంది కార్మికులకు దేశం విడవడానికి యజమాని ఇవ్వాల్సిన ఎగ్జిట్ పర్మిట్ పోయింది. 2020లో ఇంటి పనివాళ్లకు కూడా తీసేశారు, కాకపోతే 72 గంటల ముందు యజమానికి చెప్పాలి. ఉద్యోగం మారడానికి ఎన్ఓసీ అక్కర్లేదన్నారు. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు, తిండీ వసతీ ఇవ్వకపోతే మరో 800.

మాస్టారు: ఇదంతా ప్రపంచ కప్పు వల్ల వచ్చింది, ఐఎల్ఓ వల్ల కాదు. 2010లో కప్పు దక్కింది, 2022లో ఆడించాలి, ప్రపంచం పత్రికలన్నీ స్టేడియాల దగ్గర కూర్చున్నాయి. పైగా 2017 జూన్‌లో సౌదీ, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దిగ్బంధం పెట్టాయి. మిత్రులు కావాల్సిన సమయం అది. కప్పు లేని దేశం ఒకటి చూపించండి!

లాయరు: మయన్మార్. విచారణ కమిషన్ 1998లో నివేదిక ఇచ్చినా అక్కడి సైన్యం మాట వినలేదు. 2000లో ఐఎల్ఓ తన చరిత్రలో మొదటిసారి 33వ అధికరణం వాడింది. సభ్య దేశాలన్నీ మయన్మార్‌తో సంబంధాలు సమీక్షించుకోవాలని తీర్మానం చేసింది.

మాస్టారు: ఫలితం?

లాయరు: ఆ చర్యలు పూర్తిగా సడలించడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. తర్వాత 33వ అధికరణం మళ్లీ వాడింది 2023లో, బెలారుస్ మీద. 2025లో మళ్లీ మయన్మార్ మీదే. అంతే, మూడే సార్లు.

మాస్టారు: చూశారా! ఇంకో సంగతి. 26వ అధికరణం కింద అదే ఒప్పందం ఆమోదించిన ఏ దేశమైనా ఫిర్యాదు చేయొచ్చు. మన దేశం 29వ ఒప్పందాన్ని 1954లోనే ఆమోదించింది. ఖతర్‌లో అంతమంది మనవాళ్లుంటే మన ప్రభుత్వం ఎందుకు చేయలేదు? అక్కడి నుంచి వచ్చే డబ్బు, గ్యాసు. వలస కార్మికుల హక్కుల ఒప్పందం 1990 నుంచి ఉంది, మనం అందులో చేరనే లేదు.

లాయరు: అది నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు.

జగిత్యాల ఆయన: అంటే మేం జెనీవాకు ఉత్తరం రాయాల్నా? మా బావమరిదికి దోహాల నాలుగు నెల్ల జీతం రాలె. వాపస్ వచ్చిండు.

లాయరు: వద్దన్నా. 26వ అధికరణం ఒక్కరి బాకీ వసూలుకు కాదు, అది చట్టాన్ని మార్పించేది. మీ బావమరిది దావా దోహాలోనే పడాలి. అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు ఇస్తే మొదట ఏడు రోజులు రాజీ ప్రయత్నం చేస్తారు. కుదరకపోతే కార్మిక వివాదాల కమిటీకి వెళ్తుంది. 2017 చట్టం ప్రకారం అది మూడు వారాల్లో తేల్చాలి, కానీ తరచూ ఆలస్యమవుతుంది. ఖతర్ ఐడీ కాపీ, కాంట్రాక్టు, బ్యాంకు స్టేట్‌మెంటు పెట్టాలి. అక్కడ జీతం బ్యాంకు ద్వారానే పడాలి కాబట్టి, ఆ నాలుగు నెలలూ ఖాళీగా కనిపిస్తే అంతకంటే బలమైన సాక్ష్యం లేదు.

మాస్టారు: గెలిచాక కంపెనీ ఖాతాలో పైసా లేకపోతే?

లాయరు: అక్కడే చాలా కేసులు చస్తాయి. అందుకోసం 2018లో కార్మికుల సహాయ నిధి పెట్టారు. కానీ తీర్పు చేతికి వచ్చాకే అది ఆలోచిస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది. ఫిర్యాదు చేసినోడు పారిపోయాడని కంపెనీ ముందే కేసు పెడుతుంది. అప్పుడు వాడి ఐడీ రద్దవుతుంది, పట్టుకుని పంపించేస్తారు. పాస్‌పోర్టు గుంజుకుంటే యజమానికి 25,000 రియాళ్ల దాకా జరిమానా ఉంది, కానీ అడగడానికి వాడు అక్కడ ఉండాలి కదా.

జగిత్యాల ఆయన: మావోడు ఈడనే ఉన్నడు. ఎట్ల?

లాయరు: దోహాలో నమ్మకమైన మనిషికో వకీలుకో పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. నోటరీ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఖతర్ రాయబార కార్యాలయం ముద్రలు పడాలి. అది వారాల పని. మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా రాయండి, డబ్బు ఇప్పించకపోయినా రాయబార కార్యాలయంలో నమోదవుతుంది. కాంట్రాక్టు ఎప్పుడు ముగిసింది?

జగిత్యాల ఆయన: విమానమెక్కింది దసరాకు ముంగట. కాంట్రాక్టు అంతకు రెండు నెల్ల ముందే అయిపోయింది.

లాయరు: దావాకి గడువు కాంట్రాక్టు ముగిసిన రోజు నుంచి ఏడాది. విమానమెక్కిన రోజు నుంచి కాదు. ముందు ఆ కాంట్రాక్టు కాగితం మీద తేదీ చూసి చెప్పండి.