తెల్ల డబ్బా శాస్త్రం

పాఠ్యపుస్తకంలోని గుండె బొమ్మను తెలుగు చేయడానికి మన పెద్దలు కనిపెట్టిన రాజమార్గం తెల్ల డబ్బా. ఇంగ్లిష్ పేరు మీద తెల్లటి దీర్ఘచతురస్రం ఒకటి పరిచి, దానిమీద తెలుగు పేరు కొట్టేస్తే సరి. పేరుతో పాటు సూచిక గీత కొసనూ పక్కనున్న బాణం మొననూ ఆ డబ్బా మింగేస్తుందనుకోండి. అంత పెద్ద గుండెకు అదో లెక్కా?

కాకపోతే ఆ బొమ్మలో గీతలు రెండు జాతులు. పేరును భాగానికి కలిపే సన్న గీతకు మొన ఉండదు. రక్తం ఎటు పోతోందో చూపే బాణానికి ఉంటుంది. పుపుస ధమని దగ్గర ఈ రెండూ ఇరుగుపొరుగు. పోయిన మొనను చూసి జాలిపడిన నిపుణుడు దాన్ని తిరిగి అతికిస్తాడు, సూచిక గీతకు, అదీ పేరు వైపు తిప్పి. ఇక రక్తం ఊపిరితిత్తులకు పోవడం మానేసి నేరుగా ‘పుపుస ధమని’ అనే అక్షరాల్లోకి ప్రవహిస్తుంది. (కుడి కర్ణిక మన ఎడమ చేతివైపు ఉండటం అచ్చుతప్పని ‘సరిదిద్దేవారు’ ఈ శాఖలోనే ఇంకాస్త సీనియర్లు.)

ఈ వైభవం గిట్టని చాదస్తులూ ఉన్నారు. వాళ్లు బొమ్మను 300 డిపిఐలో స్కాన్ చేసి, జింప్ అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, అసలు లేయర్‌ను ముట్టకుండా నకలు మీద పనిచేస్తారు. లాసోతో అక్షరాల చుట్టూ మాత్రమే గీసి, సూచిక గీతకు నాలుగైదు పిక్సెళ్ల ఇవతలే ఆగుతారు. అక్షరం గీతను తాకుతుంటే పెన్సిల్‌తో ఒక్కో పిక్సెలూ చెరుపుతారు. మెత్తటి అంచున్న బ్రష్ పట్టుకుంటే గీత కూడా పలచబడుతుందని వాళ్ల భయం. పేరు గులాబీ రంగు మీద ఉంటే తెలుపు పూయరు, పక్క రంగునే క్లోన్ టూల్‌తో తెచ్చి కప్పుతారు. గీత తెగిందా, మిగిలిన రెండు కొసల మధ్య పాత్ వేసి, అదే రంగుతో, అదే మందంతో స్ట్రోక్ చేస్తారు. పావు మిల్లీమీటరు గీతంటే ఇక్కడ మూడు పిక్సెళ్లు. ఎనిమిది పెడితే పిల్లలు దాన్నీ ఒక రక్తనాళం కింద లెక్కేస్తారు.

తెలుగు పేరు పెట్టేటప్పుడు వీళ్ల చాదస్తం ముదురుతుంది. ‘ఊర్ధ్వ బృహత్సిర’కు కింద ఒత్తులు వేలాడతాయి. గీత కొస అక్కడికొచ్చి తగిలితే అదీ ఒక ఒత్తే అయి కూర్చుంటుంది. అందుకని అసలు అక్షరం ఎత్తులో సగం దగ్గర, కాస్త ఎడంగా ఆపుతారు. దాచడం పీఎన్‌జీలోనే, జేపీజీ అయితే గీతల చుట్టూ మురికి మచ్చలు తేలతాయట.

చివర్లో అసలు లేయర్‌ను పైకి తెచ్చి మోడ్ Difference పెడతారు. మారనిదంతా నల్లబడి పేర్లున్న చోట్లే వెలగాలి. నలుపులో సన్న గీత మెరిసిందంటే అది గాయపడ్డట్టే, వెనక్కి వెళ్లి మళ్లీ గీస్తారు. తెల్ల డబ్బాల బొమ్మకు ఇదే పరీక్ష పెడితే గీతల కొసలూ బాణం మొనలూ వరసగా వెలిగి తెరంతా దీపావళి.