కలరా ఉండలు పడేయండి, దయచేసి

మా అక్క కొడుక్కి ఏడాదిన్నర. పోయిన దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు, బీరువా కింది అరలో పట్టుచీరల మడతల్లోంచి ఒక కలరా ఉండ తీసి నోట్లో పెట్టుకున్నాడు. చూడటానికి అచ్చం పిప్పరమెంటు బిళ్ళలా ఉంటుంది కదా. అక్క చూసి వేలు పెట్టి బయటికి లాగేసరికి సగమే మిగిలింది.

వెంటనే అమ్మ గ్లాసుడు పాలు పట్టించింది. పాలు తాగితే విషం విరిగిపోతుందని మా ఇంట్లో అందరి నమ్మకం. వాడు వాంతి చేసుకోలేదు, ఏడవలేదు, సాయంత్రం దాకా ఆడుకున్నాడు. హమ్మయ్య, ఏమీ కాలేదు అనుకున్నాం.

మూడో రోజు పొద్దున డైపర్ విప్పితే మూత్రం చిక్కటి బ్లాక్ టీ రంగులో ఉంది. అరచేతులు తెల్లగా పాలిపోయాయి, కళ్ళు పచ్చబడ్డాయి, ఎత్తుకుంటే మెడ వాల్చేస్తున్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 5.8 ఉందన్నారు. ఆ రాత్రే రక్తం ఎక్కించారు.

అందరికీ తెలియాల్సింది ఈ మధ్యలోని రెండు రోజుల గురించే. కలరా ఉండలో ఉండే నాఫ్తలిన్ మింగగానే పని చెయ్యదు. కడుపులో మెల్లగా కరిగి, లివర్‌లో మారి, ఆ మారిన పదార్థం ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. ఇదంతా బయటపడటానికి ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదటి రోజు పిల్లవాడు హుషారుగా ఉన్నాడంటే దానికి అర్థమే లేదు. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉన్న పిల్లలకు ఒక్క ఉండ కూడా చాలు. ఆ లోపం మన దేశంలో అరుదేమీ కాదు, మగపిల్లల్లో ఎక్కువ. మావాడికి ఉండవచ్చని మాకు ఆ రోజు దాకా తెలియదు. కణాలు పగులుతున్న సమయంలో పరీక్ష చేస్తే లోపం ఉన్నా మామూలుగానే కనిపించవచ్చని, కొన్ని నెలలు ఆగి మళ్ళీ చేయించి నిర్ధారించుకోమని డాక్టర్ చెప్పారు.

ఇక ఆ పాల సంగతి. నాఫ్తలిన్ కొవ్వులో కరుగుతుంది. పాలు, నెయ్యి, నూనె పడితే ఒంట్లోకి ఇంకా బాగా ఎక్కుతుంది. మేం ప్రేమగా చేసిన పనే అది. వేలు పెట్టి వాంతి చేయించడమూ వద్దు. నోట్లో మిగిలింది తీసేసి, ప్యాకెట్ చేత పట్టుకుని సూటిగా ఆస్పత్రికి వెళ్ళండి, ఎందుకంటే అన్ని ఉండలూ నాఫ్తలిన్ కావు. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117కి ఫోన్ చేసి అడగవచ్చు.

మింగితేనే ప్రమాదం అనుకోకండి. పసిబిడ్డ పుట్టగానే బీరువాలోంచి అమ్మమ్మ పాత మెత్తటి చీర తీసి చుట్టేస్తాం, ఉయ్యాల కడతాం. ఏళ్ళ తరబడి కలరా ఉండల మధ్య ఉన్న బట్ట ఆవిరిని పట్టుకుని ఉంటుంది. అలాంటి బట్టల వల్లే పసికందుల్లో రక్తకణాలు పగిలి, కామెర్లు ముదిరిన కేసులు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఒళ్ళంతా నూనె రాసి చుడితే చర్మం నుంచి ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది. ఆ వాసన ఉన్న బట్టని ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరెయ్యకుండా బిడ్డ దగ్గరికి తేవద్దు.

"మరి కర్పూరం పెట్టుకుంటాం, అది సహజం కదా" అని మా పిన్ని అంది. పొరపాటు పిన్నీ. కర్పూరం మింగిన పిల్లలకి నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు.

అసలు మన బీరువాలో చాలా బట్టలకి ఈ ఉండలే అక్కర్లేదు. బట్టల పురుగు తినేది ఉన్ని, పట్టు. కాటన్ చీర దానికి తిండి కాదు. కాటన్‌కి బెడద సిల్వర్‌ఫిష్ అనే పురుగు, అదీ గంజి కోసం. అందుకే చాలాకాలం దాచే కాటన్ బట్టల్లో గంజి లేకుండా ఉతికి పెట్టాలి. పట్టుచీర మీద చెమట, పెళ్ళి భోజనం మరక ఉన్న చోటే పురుగు ముందు పడుతుంది. కట్టిన చీరని నీడన ఆరేసి, మరక తీయించి, బాగా ఉతికిన తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి. రెండు మూడు నెలలకోసారి విప్పి, దులిపి, మడత మార్చండి. బట్ట చీకట్లో కదలకుండా ఉంటేనే పురుగు పెరుగుతుంది. మగ్గిన వాసన వస్తే అది తేమ, దానికి సిలికా జెల్ సంచులు చాలు, అవీ పై అరలోనే. వేపాకు, లవంగాలు వాసనకి బాగుంటాయి, కానీ పట్టిన పురుగుని చంపుతాయని నమ్మకండి.

స్వెట్టర్లు, శాలువాలకి పురుగు పట్టిందని అనుమానం వస్తే గాలి చొరని కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీశాక ఒక రోజు కవర్ విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది.

అమ్మ ఆ ఉండలన్నీ తీసేసి నెల దాటింది. ఇప్పటికీ బీరువా తెరిస్తే అదే వాసన. పగలంతా తలుపులు తీసే ఉంచుతోంది. మావాడు వచ్చినప్పుడు మాత్రం ఆ గదికి గొళ్ళెం పెడుతోంది.