అమ్మకు కలలో వచ్చింది మామిడిపండే, అపశకునం కాదు

నూజివీడు నుంచి అమ్మ బెంగళూరు వచ్చి నెలైంది. షుగర్ పెరిగిందని డాక్టరు చెప్పగానే మామిడిపళ్లు పూర్తిగా మాన్పించాం. వారం తిరక్కుండానే ఒకరోజు తెల్లవారుజామున లేచి, కలలో చిన్న రసాలు తిన్నానని చెప్పింది. పండును వేళ్లతో మెత్తగా నలిపి, ముచ్చిక తీసి, మోచేతి దాకా కారుతుంటే జుర్రుకుందట. చెబుతున్నంతసేపూ ఆమె మొహం వెలిగిపోయింది.

అది విని పక్కింటి ఆంటీ, "కలలో తీపి తింటే జబ్బు చేస్తుందంటారు వదినగారూ, పైగా తెల్లవారుజాము కల" అన్నారు. ఫోన్లో మా మేనత్తేమో, పండిన మామిడి కనిపిస్తే ఇంట్లో మగబిడ్డ పుడతాడంది. ఒకే పండు, రెండు ఫలితాలు! అమ్మ మనసులో మాత్రం జబ్బు మాటే నాటుకుంది. రెండు రాత్రులు టెన్షన్‌తో సరిగా నిద్రపోలేదు.

ఇక్కడే నాకు కోపం వచ్చింది. శాస్త్రం పేరు చెప్పి భయపెట్టేవాళ్లు ఆ శాస్త్రమైనా పూర్తిగా చూడాలి కదా. ఆయుర్వేద గ్రంథం చరక సంహితలోని ఇంద్రియస్థానంలో కలలను ఏడు రకాలుగా చెప్పారు: చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని సూచించేవి, వాత పిత్త కఫ దోషాల వల్ల వచ్చేవి. వీటిలో మొదటి ఐదింటికీ ఫలితమే లేదని అక్కడే ఉంది. అమ్మ ఏళ్ల తరబడి తిన్న పండు, ఇప్పుడు వద్దన్న పండు, మనసంతా కోరుకుంటున్న పండు. ఇంకా ఏం ఫలితం వెతుకుతాం?

కలల మీద పుస్తకం రాసిన మనస్తత్వవేత్త ఫ్రాయిడ్ కూతురు అన్నా కథ కూడా ఇలాంటిదే. పందొమ్మిది నెలల వయసులో వాంతులైతే ఆ రోజంతా ఏమీ పెట్టలేదు. ఆ రాత్రి నిద్రలో స్ట్రాబెర్రీలు, ఆమ్లెట్ అంటూ కలవరించింది. పస్తున్న పసిపిల్లకు వచ్చిన కలలో శకునం ఎవరు వెతుకుతారు?

తెల్లవారుజాము కల సంగతికొస్తే, కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి చివరికొచ్చేసరికి ఎక్కువసేపు ఉంటుంది. అందులోంచే మెలకువ వస్తుంది కాబట్టి కల బాగా గుర్తుంటుంది. అంతే.

డైటీషియన్‌ను అడిగాం. నూరు గ్రాముల మామిడిలో పిండిపదార్థం, చక్కెర కలిపి సుమారు 15 గ్రాములుంటాయి కాబట్టి, ఆ మేరకు అన్నం తగ్గించి, తిన్నాక షుగర్ చూసుకుంటూ కొద్దిగా తినొచ్చన్నారు. జ్యూస్ మాత్రం వద్దన్నారు. బంగినపల్లి ముక్కలైతే తూకం తేలిక. నిన్న సాయంత్రం నాలుగు ముక్కలు తూచి ప్లేట్లో పెట్టాను. అమ్మ మెల్లగా తిని, "బాగుందిరా, కానీ రసం రసమే" అంది.

ఈ ఆదివారం ఒక్క చిన్న రసం పిండి, గుజ్జు తూచి, గిన్నెలో పెడతాను. టెంక మాత్రం ఆమెకే.