రెండు ఎడమ చేతులు, 93 మార్కులు

నిన్న మా కుట్టు క్లాసు ప్రాక్టికల్ పరీక్ష. సాదా జాకెట్టు కత్తిరించి కుట్టాలి. మార్కుల పట్టిక నేనే వేశాను. ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలని, "పనితనం బాగుంది" లాంటి మాటలు వద్దని, కొలవగలిగేవే రాయమని పై ఆఫీసు హుకుం. రాశాను. చేతుల పొడవులో తేడా పావు అంగుళం లోపుంటే 10, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు పడితే 10... ఇలా మొత్తం 100. చూసుకుని మురిసిపోయాను కూడా.

ఒకమ్మాయి జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే వచ్చాయి.

చేతికి ముందువైపు చంక గుంట కాస్త లోతుగా తీస్తాం. బట్ట మడతపెట్టి కత్తిరిస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. ఈ పిల్ల ఒంటి పొర మీద కాగితం పెట్టి గీసింది, దాన్ని తిప్పకుండానే పక్కకు జరిపి మళ్ళీ గీసింది. ఇన్నాళ్ళూ ప్లెయిన్ పాప్లిన్ ఇచ్చేవాళ్ళం. అందులో ఇలా జరిగినా ఒక చేతిని తిరగేసి కుట్టేస్తే ఎవరికీ తెలియదు. ఈసారి ఆఫీసు పూల బట్ట పంపింది. తిరగేస్తే పూలు లోపలికి పోతాయి కదా!

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి గుండుసూది మొనతో కుట్లు లెక్కపెట్టారు. పదకొండు. టిక్కు. టేపు పెట్టారు. చేతులు రెండూ సమానం. టిక్కు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన తలెత్తలేదు. దారం కొస వదిలేసినందుకు 2, ఆలస్యానికి 5 తీసేసి 93 వేశారు. క్లాసులో అదే ఫస్టు.

"సార్, ఒక్కసారి ఎవరికైనా తొడిగి చూడండి" అన్నాను. తొడిగించారు. కుడి చంక ముందు బట్ట కుచ్చుగా పోగైంది, వెనక బిగుసుకుంది. వేసుకున్న పిల్ల బల్ల మీది పెన్ను అందుకోబోయి సగంలో ఆగిపోయింది. ఆయన శ్రద్ధగా చూసి, "పెన్ను అందుకోవడానికి మీ పట్టికలో మార్కుల్లేవు మేడమ్" అన్నారు. కుట్టిన పిల్ల, "అవును మేడమ్, పొడవు సరిపోవాలనే ఉంది" అని వత్తాసు.

రాత్రి కూర్చుని పట్టిక మార్చాను. కత్తిరించాక, మిషన్ ఎక్కకముందే ముక్కలు చూపించాలి. చేతుల్ని పైవైపులు ఎదురెదురుగా పెడితే గుంట మీద గుంట కూర్చోవాలి. లేదంటే మళ్ళీ కత్తిరించాకే కుట్టు. దీనికి మార్కులుండవు, దాటాల్సిన గడప అంతే. దీన్ని పట్టికలో కలిపితే పొడవు సరిపోయిందని, కుట్లు సరిపోయాయని తప్పు చెయ్యి గట్టెక్కదు.

పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోను. మార్కు లేని గడి వాళ్ళ ఫారంలో పట్టదట. ఏదో ఒక అంకె వేయాలట, మొత్తం మాత్రం 100 దాటకూడదట. "రికార్డు పుస్తకానికి అట్ట వేయడం" కింద వాళ్ళే పెట్టిన 5 మార్కులున్నాయి. అందులోంచి రెండు ఇమ్మని అడిగాను. పైవాళ్ళను కనుక్కుని చెబుతారట.